ధ్యానానికి చక్రవడ్డీ

మనుషులకి ఇన్నేళ్ళూ భక్తి లేక కాదు, లెక్క లేక మోక్షం దొరకలేదు. ఆ లోటు ఇప్పుడు ఫోన్‌లోని ధ్యానం యాప్ తీరుస్తోంది. పొద్దున్నే అలారం కొట్టి, కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చోమంటుంది. మర్నాడు ఆరు, ఆ మర్నాడు ఏడు. మనిషికి తెలియకుండానే గంటసేపు కూర్చునే యోగిని చేస్తానంటుంది. తెలియకుండా చెయ్యడం మీదే నాకు అపారమైన గౌరవం. అప్పు కూడా అలాగే పెరుగుతుంది.

ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. రోజుకి ఒక్క నిమిషం పెంచితే ఎవరికి బరువు? ఏడాది ఆఖరి రోజుకి 369 నిమిషాలే అవుతాయి, అంటే ఆరు గంటల పైచిలుకు. ఉద్యోగం, సంసారం మానేస్తే హాయిగా సరిపోతుంది. ఇంకా పట్టుదల గలవారికి రోజుకి పదో వంతు పెంచే ఏర్పాటు కూడా ఉంది. అయిదుతో మొదలుపెడితే 26వ రోజుకి 54 నిమిషాలు, మరో వారానికి గంటా ముప్పావు. మొదటి వారంలో ఏమీ అనిపించదు. ఎనిమిదో రోజున కూడా పది నిమిషాలు దాటదు. వడ్డీ వ్యాపారి నవ్వుతూ కాఫీ ఇచ్చే కాలం అదే.

ఒడిశాలోని రాయగడలో మా మావయ్య ఈ శాస్త్రానికి మొదటి ప్రయోగశాల. రిటైరయ్యాక తీరిక దొరికింది, అలారం అయిదింటికి పెట్టుకున్నాడు. మా వీధిలో కుళాయి అయిదున్నరకి వస్తుంది. ఎదురింటి ఒడియా పెద్దమ్మ "పాణి ఆసిలా!" అని కేకేస్తే వీధంతా బిందెలతో లేస్తుంది. మొదటి మూడు వారాలూ ఈ రెండింటికీ తగువు లేదు. రోజుకి ఒక్క నిమిషం లెక్కన 26వ రోజున ధ్యానం సరిగ్గా ముప్ఫై నిమిషాలైంది, నీళ్ళూ అప్పుడే వచ్చాయి. మావయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు, చెవులు మాత్రం కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాయి. బిందె నిండే శబ్దం మీద ఆయనకి ఆ రోజు కుదిరిన ఏకాగ్రత ముందెన్నడూ కుదరలేదని తర్వాత ఒప్పుకున్నాడు.

నాకు అర్థమైనది ఇదీ. ఫోన్ మొదలయ్యే వేళని పాతేసి, ముగిసే వేళని పొడిగిస్తుంది. ఇంట్లో ముగిసే వేళ మన చేతిలో ఉండదు. నీళ్ళు, పాలు, స్కూలు, విజయనగరం వైపు వెళ్ళే బండి, అన్నీ అక్కడే కాచుకుని ఉంటాయి. పాతవలసింది చివరి గుంజని. అయిదూ ఇరవై అయిదుకి ధ్యానంలోంచి లేవాలి అని ముందే రాసుకుంటే, అయిదు నిమిషాలకి అలారం 5:20కి, పదిహేనుకి 5:10కి, ఇరవై అయిదుకి 5:00కి. నిమిషాలు వెనక్కి పెరుగుతాయి. అప్పుడు నిజం బయటపడుతుంది. ఆ నిమిషాలు నిద్రలోంచి తీసినవే కాబట్టి, రాత్రి టీవీ అంత ముందు కట్టాలి. కట్టకపోతే కూర్చున్నవాడి తల ముందుకి వాలుతుంది. దాన్ని సమాధి అనుకునేవాళ్ళు మా వీధిలో ఇద్దరున్నారు. గురక వినిపిస్తే నాకు సందేహం.

రెండో గొప్పతనం ఇంకా పెద్దది. మావయ్య ముప్ఫై రోజులు వరసగా కూర్చున్నాడు, 34 నిమిషాలకి చేరాడు. తర్వాత పార్వతీపురంలో పెళ్ళి, నాలుగు రోజులు ధ్యానం లేదు, అరిసెలు ఉన్నాయి. తిరిగొచ్చిన రోజు ఫోన్ ఎంత అడిగింది? ముప్ఫై తొమ్మిది. అది తేదీ లెక్కపెట్టింది, కూర్చున్న పూటల్ని కాదు. కడుపులో అరిసెల బరువుతో, నాలుగు రోజుల అలవాటు తప్పి, ఆయన పాత గరిష్ఠం కన్నా అయిదు నిమిషాలు ఎక్కువ కూర్చోవాలట. ఇరవయ్యో నిమిషానికి ఎడమ పాదం మొద్దుబారింది. మోకాలి పక్కన నరం నొక్కుకుపోతే అంతే, తిమ్మిరెక్కుతుంది. ఆయన గంట మోగగానే దిగ్గున లేవబోయి దేవుడి గూడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒరే, ఇది దైవానుగ్రహమా, పక్షవాతమా?" అన్నాడు.

"రెండూ కాదు మావయ్యా, పాదం కదిపి, కాసేపు కాళ్ళు చాపుకుని, అప్పుడు లేవండి" అన్నాను.

మడతపెట్టిన దుప్పటి తుంటి కింద వేస్తే తుంటి ఎత్తై, మోకాళ్ళు కిందికి దిగుతాయి. ఈ ముక్క ఫోన్‌లో ఎక్కడా లేదు, అత్తయ్య చెప్పింది. ఆమె ఏ యాప్ లేకుండా చిన్నప్పటినుంచి పీట మీద కూర్చుంటోంది. తిమ్మిరి కదిపాక కూడా తగ్గకపోతే అది డాక్టరుకి చూపించవలసిన సంగతి, నిమిషాల సంగతి కాదు.

సవరించిన పద్ధతి ఒకటి మావయ్య ఫోన్ వెనక కాగితం మీద రాసి అంటించాను. ఒక్కో నిడివి మీద ఏడు పూటలు కూర్చోవాలి, అప్పుడే రెండు నిమిషాలు పెంచాలి. పూట తప్పితే తేదీ జరుగుతుంది, నిమిషాలు జరగవు. మూడు పూటలు వరసగా తప్పితే ఒక మెట్టు దిగాలి, సిగ్గుపడనక్కర్లేదు. అయిదు నుంచి ఇరవై అయిదుకి పది మెట్లు, డెబ్భై పూటలు. పెరుగుదల వేగమైందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. చివరి అయిదు నిమిషాల్లో కళ్ళు తెరిచి ఎంత మిగిలిందో చూస్తున్నామంటే ఇంకా ఆ మెట్టుకి తగలేదు. సంధ్యావందనంలో గాయత్రికి శక్తిని బట్టి 10, 28, 108 అన్నప్పుడు పూర్వులు చూసింది మనిషి వీలు. వాళ్ళకి క్యాలెండరు యాప్ లేదు పాపం.

బ్రాహ్మీ ముహూర్తం కోసం ఆరాటపడే వారికి మరో ఉపకారం కూడా జరుగుతోంది. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే వేళ అది. మావయ్య ఫోన్‌లో ఊరు హైదరాబాద్ అని ఉంది, తెలుగువాడు కాబట్టి. రాయగడ తూర్పున ఉండటం వల్ల ఇక్కడ సూర్యుడు సుమారు ఇరవై నిమిషాలు ముందే వస్తాడు. జూన్‌లో 5:20 ప్రాంతం, జనవరిలో 6:30 ప్రాంతం. కాబట్టి ఆ పుణ్యవేళ జూన్‌లో 3:45కే మొదలవుతుంది, జనవరిలో దాదాపు అయిదింటికి. ఏడాదంతా అయిదింటికే అలారం పెట్టినవాడు జూన్‌లో దాన్ని పూర్తిగా దాటేసి లేస్తాడు. ఫోన్ మాత్రం ఇరవై నిమిషాల తేడాతో, ఎంతో శ్రద్ధగా, తెలంగాణ సూర్యుడికి నమస్కారం పెట్టిస్తుంది.

మావయ్య కాగితం చదివాడు, ఒప్పుకున్నాడు, కానీ యాప్ తీసెయ్యలేదు. వరస తెగకూడదని దాని తపన. రోజూ ఆకుపచ్చ టిక్కు, పదేపదే అభినందనలు. పోయిన నెల మనవడికి ఫోన్ ఇచ్చి గుణుపురం పనిమీద వెళ్ళాడు. తాత మాట తు.చ. తప్పని పిల్లాడు పొద్దున్నే అలారం కట్టి, "పూర్తయింది" నొక్కి, ఆటలో పడ్డాడు. మావయ్య తిరిగొచ్చేసరికి ఫోన్ అంతసేపు నిశ్చలత సాధించినందుకు ఆయన్ని వేనోళ్ళ పొగిడి, మర్నాటి నుంచి మరో నిమిషం పెంచింది. అత్తయ్య ఆ తెర చూసి, "పిల్లాడిక్కూడా పుణ్యంలో వాటా రాయించండి" అంది.