64:ff9b చిరునామాపై తిరుగుతున్న సందేశానికి జవాబు

“మీ నెట్‌లో ఐపీవీ6 ఒక్కటే ఉంటే జాగ్రత్త! పాత సైట్లకు 64:ff9b తో మొదలయ్యే దొంగ చిరునామా ఇస్తున్నారు. మధ్యలో గేట్‌వే మీ బ్యాంకు పాస్‌వర్డు చదువుతుంది. నెట్ స్లో అయ్యేది అందుకే. వెంటనే డీఎన్‌ఎస్ 8.8.8.8 పెట్టుకోండి. పది మందికి పంపండి.”

ఈ సందేశం వారంలో నాకు ఆరుసార్లు వచ్చింది. ఒంగోలు మిత్రులు పంపినప్పుడు చూసి ఊరుకున్నాను. కావలిలో నేను చూసుకునే కాలేజీ ల్యాబ్‌లో ఒక కుర్రాడు దీన్ని నమ్మి, సరిగ్గా పరీక్ష ఫీజు కట్టే చివరి రోజున, పదకొండు ల్యాప్‌టాప్‌లలో డీఎన్‌ఎస్ మార్చేశాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ముందు ఆ చిరునామా సంగతి. నెట్‌లో చిరునామాలు రెండు రకాలు, పాతవి ఐపీవీ4, కొత్తవి ఐపీవీ6; ఒక రకం రెండోదానితో నేరుగా మాట్లాడలేదు. సైటు పేరు అడిగితే దాని చిరునామా చెప్పేది డీఎన్‌ఎస్ సర్వరు; ఐపీవీ6 ఒక్కటే ఉన్న నెట్‌లో ఆ పని చేసే రకం డీఎన్‌ఎస్64. ల్యాప్‌టాప్ అడిగిన సైటుకు సొంత ఐపీవీ6 చిరునామా ఉంటే డీఎన్‌ఎస్64 సర్వరు దాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చేస్తుంది. లేదని తేలినప్పుడే ఆ సైటు ఐపీవీ4 చిరునామాను తీసుకుని, దాని ముందు 64:ff9b::/96 అనే భాగాన్ని చేర్చి ఇస్తుంది. సైటు 192.0.2.33 దగ్గర ఉందనుకోండి. ఆ నాలుగు అంకెలను హెక్సాలో రాస్తే c0, 00, 02, 21 అవుతాయి కనుక ల్యాప్‌టాప్‌కు అందేది 64:ff9b::c000:221. అసలు చిరునామా చివరి 32 బిట్లలో చెక్కుచెదరకుండా ఉంది, ఎవరైనా కాగితం మీద లెక్కవేసి వెనక్కి తీయవచ్చు. ఐపీవీ6, ఐపీవీ4 ల మధ్య ప్యాకెట్లను మార్చే నాట్64 గేట్‌వే చేసేదీ అదే: ఆ 32 బిట్లను గమ్యంగా తీసుకుని, తన సొంత ఐపీవీ4 చిరునామాతో ప్యాకెట్‌ను పంపి, ఏ పోర్టు ఎవరిదో గుర్తుపెట్టుకుని, వచ్చిన జవాబును వెనక్కి తిప్పి ఇస్తుంది. 64:ff9b::/96 ను ఈ పని కోసమే 2010లో ఆర్‌ఎఫ్‌సీ 6052 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం బాహాటంగా కేటాయించింది.

పాస్‌వర్డు మాట తప్పు. గేట్‌వే మార్చేది హెడర్లను, లోపల ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న సమాచారాన్ని కాదు. బ్రౌజరు సర్టిఫికెట్‌ను సరిచూసేది సైటు పేరుతో కనుక, చిరునామా రూపం మారినా ఆ తనిఖీ మారదు. స్లో అన్నదానికి ఒక్క మాట చాలు: గేట్‌వే దూరంగా ఉంటేనో, దాని మీద భారం ఎక్కువైతేనో ఆలస్యం కావచ్చు, డీఎన్‌ఎస్ మార్చినంత మాత్రాన అది తగ్గదు.

ఇక నిజంగా హాని చేసిన సలహాకు వస్తాను. 8.8.8.8 అన్నది గూగుల్ డీఎన్‌ఎస్ సర్వరు ఐపీవీ4 చిరునామా! ఐపీవీ6 ఒక్కటే ఉన్న ల్యాప్‌టాప్ దాని దగ్గరికి ఎలా వెళ్తుందని పంపినవారిలో ఒక్కరైనా ఆలోచించారా? మా ల్యాబ్‌లో అది పెట్టగానే ఒక్క సైటు కూడా తెరుచుకోలేదు. అప్పుడు ఆ కుర్రాడు ఎవరినో అడిగి అదే గూగుల్ సర్వరు ఐపీవీ6 చిరునామా 2001:4860:4860::8888 పెట్టాడు. యూట్యూబ్ వచ్చింది, ఫీజు కట్టే సైటు రాలేదు. జబ్బును పట్టించేది ఈ లక్షణమే: ఐపీవీ6 ఉన్న సైట్లు హాయిగా తెరుచుకుంటాయి, ఐపీవీ4 మాత్రమే ఉన్నవి చచ్చినా తెరుచుకోవు. ఎందుకంటే ఆ సర్వరు చిరునామాలను కూర్చి ఇవ్వదు. అనుమానం తీర్చుకోవడానికి ఒక్క ఆదేశం చాలు:

```
dig +short AAAA ipv4only.arpa
64:ff9b::c000:aa
64:ff9b::c000:ab
```

ఈ పేరుకు 192.0.0.170, 192.0.0.171 అనే ఐపీవీ4 చిరునామాలే ఉన్నాయి, ఐపీవీ6 చిరునామా లేనే లేదు. కనుక పైన చూపినట్టు జవాబు వస్తే డీఎన్‌ఎస్64 పనిచేస్తున్నట్టు. ఆ రోజు మా దగ్గర ఏమీ రాలేదు. పాత సర్వరు తిరిగి పెట్టాక ఈ రెండు వరుసలూ కనిపించాయి, ఫీజు సైటూ తెరుచుకుంది.

“నా ఫోన్‌లో 8.8.8.8 బాగానే పనిచేస్తోందే” అని కందుకూరు నుంచి మా బావ వాదించాడు. ఆయన ఫోన్‌లో సీలాట్ ఉంది. అది ఫోన్ లోపలే ఐపీవీ4 ప్యాకెట్లను ఐపీవీ6గా మార్చి నాట్64కు పంపుతుంది. అంటే ఆయన తిడుతున్న గేట్‌వే మీదుగానే ఆయన 8.8.8.8 దగ్గరికి వెళ్తున్నాడు. మా ల్యాప్‌టాప్‌లలో ఆ సదుపాయం లేదు.

అయితే “దొంగ” అన్న మాటలో ఒక నిజం ఉందని నేను ఒప్పుకోవాలి. ఆ చిరునామాను సైటు యజమాని రాయలేదు, కనుక డీఎన్‌ఎస్ జవాబు అసలైనదేనని రుజువు చేసే ఆయన డీఎన్‌ఎస్‌సెక్ సంతకం దాని మీద ఉండదు. సంతకాలను స్వయంగా సరిచూసుకునే యంత్రం ఆ జవాబును తిరస్కరిస్తుంది, అలా తిరస్కరించడమే సరైనది. అటువంటి యంత్రం నెట్‌వర్క్ ఏ ముందు భాగాన్ని వాడుతోందో తెలుసుకుని, సంతకం ఉన్న ఐపీవీ4 రికార్డును మొదట సరిచూసి, ఆ తర్వాత ఐపీవీ6 చిరునామాను తానే కూర్చుకోవాలి. డీఎన్‌ఎస్64ను నిర్దేశించిన ఆర్‌ఎఫ్‌సీ 6147 కూడా ఈ ఇబ్బందిని దాచకుండా చెప్పింది.