ప్యాకేజీ చౌకే, ఎన్ని సిట్టింగులకు?

హైదరాబాద్‌లో మోకీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకుని నల్లగొండకో, పాలమూరుకో తిరిగొచ్చిన కుటుంబానికి అసలు లెక్క ఇంటికొచ్చాకే మొదలవుతుంది. ఆపరేషన్ ఖర్చు ముందే తెలుసు. ఆ తర్వాత ఫిజియోథెరపీకి ఎంతవుతుందో చాలాసార్లు ఎవరూ చెప్పి పంపరు. దగ్గర్లోని క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఒక సిట్టింగు ధర, ఇరవై సిట్టింగుల ప్యాకేజీ ధర, ఇంటికి వస్తే ఇంకో ధర చెబుతారు. మధ్యమధ్యలో చూసి వ్యాయామాలు మార్చే ఫాలోఅప్‌కు విడిగా తీసుకుంటారా లేదా అన్నది అడిగితేనే తెలుస్తుంది. ఈ నాలుగింటినీ ఒకేచోట పెట్టి చూడకుండా చౌక ఏదో తేల్చలేం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ ధరలు ఏ క్లినిక్‌వీ కావు, లెక్క కోసం అనుకున్నవి. నల్లగొండకు పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో అరవై ఏళ్ల అమ్మకు కుడి మోకీలు మార్చారు. క్లినిక్‌లో సిట్టింగుకు 400 రూపాయలు, ఇరవై సిట్టింగుల ప్యాకేజీ 6,000. అంటే ప్యాకేజీలో ఒక్కోటి 300కే పడుతుంది. కొడుకు వెంటనే ప్యాకేజీకి సరే అంటాడు, ఎవరైనా అదే అంటారు. కానీ 6,000ను 400తో భాగిస్తే పదిహేను వస్తుంది. పదహారో సిట్టింగుకు వెళ్లిన రోజు నుంచే ఆ కుటుంబానికి మిగులు. పదకొండుకే ఆపేస్తే ఒక్కో సిట్టింగుకు దాదాపు 545 రూపాయలు కట్టినట్టు. విడిగా కట్టుకుంటే 4,400తో పోయేది.

పదకొండుకే ఎందుకు ఆపుతారంటే, మన ఊళ్లలో కారణాలకు కొదవ లేదు. నాట్లు మొదలవుతాయి, తోడు వచ్చే కోడలికి కూలి పోతుంది. లేదా నొప్పి తగ్గి, కర్ర లేకుండా నాలుగడుగులు వేయగానే ఇక చాలనిపిస్తుంది. ఇది రోగి నిర్లక్ష్యమని తేల్చేయడం సులువు. ఇలా సగంలో ఆగేవాళ్లు ఉంటారని క్లినిక్‌కూ తెలుసు.

ఇక దారి ఖర్చు. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాలు, కుట్లు విప్పేదాకా, వాకర్ పట్టుకుని నడిచే మనిషిని బస్సెక్కించలేం. ఆటో మాట్లాడుకోవాలి, రానూపోనూ 600 అనుకుందాం. ఇంటికే వచ్చే ఫిజియోథెరపిస్టు 700 అడిగితే మొదట ఎక్కువనిపిస్తుంది. కానీ క్లినిక్ 400కు ఆటో 600 కలిపితే వెయ్యి. తోడు వెళ్లిన వాళ్ల కూలి ఇంకా కలపనే లేదు. ఈ రెండు వారాల్లో ఇంటికి రప్పించుకోవడమే చౌక.

మూడో వారం నుంచి లెక్క తిరగబడుతుంది. అమ్మ బస్సెక్కగలిగితే పల్లెవెలుగులో టికెట్ ఉండదు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి తోడొచ్చే కోడలికీ అంతే. అప్పుడు ఇంటికి పిలిపించుకోవడం సిట్టింగుకు 300 అదనంగా ఇచ్చుకోవడమే. రోగి మగవాడైతే బస్సు చార్జీ కలుపుకోవాలి.

మొత్తం పదిహేను సిట్టింగులు పట్టిందనుకుందాం. మొదటి ఏడు ఇంటి దగ్గర, మిగతా ఎనిమిది క్లినిక్‌లో విడివిడిగా కట్టి చేయించుకుంటే 4,900, 3,200 కలిసి 8,100 అవుతుంది. ప్యాకేజీ తీసుకుని మొదటి ఏడింటికి ఆటోలో వెళ్తే 6,000కు 4,200 కలిసి 10,200. పైగా ఐదు సిట్టింగులు వాడకుండానే మిగిలిపోతాయి. పదేసి సిట్టింగులకోసారి రివ్యూ పేరుతో 300 వేస్తే అదీ తోడవుతుంది. మా ఉద్దేశంలో రివ్యూకు విడిగా తీసుకోవడం సమంజసం కాదు. మోకాలు ఎంత వంగుతుందో కొలిచి వ్యాయామం మార్చడం సిట్టింగులో భాగమే.

ఎన్ని సిట్టింగులు కావాలో ఆ కొలతే చెబుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర గోనియోమీటర్ ఉంటుంది, రెండు పట్టీల కోణమాపకం. మొదటిరోజు మోకాలు ఎన్ని డిగ్రీలు వంగింది, పూర్తిగా చాపగలుగుతోందా అన్నది కార్డు మీద రాయించుకోవాలి. ఐదు సిట్టింగులకోసారి మళ్లీ రాయించుకోవాలి. సాధారణంగా రెండు వారాలకు 90 డిగ్రీల దగ్గరికి రావాలని చూస్తారు. కుర్చీలోంచి లేవడానికీ మెట్లెక్కడానికీ ఇంకొంచెం కావాలి. అంకె పెరుగుతూ, ఇంట్లో వ్యాయామాలు సరిగా సాగుతుంటే సిట్టింగులు రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికోసారికి తగ్గించవచ్చా అని అడగాలి. మడమను మంచం మీద జార్చుతూ మోకాలు మడవడం, తొడ కండరం బిగించి పట్టడం రోజుకు పలుమార్లు చేయాల్సింది రోగే. సిట్టింగు వాటిని దిద్దడానికి, ముందుకు జరపడానికి. రెండు వారాలైనా అంకె కదలకపోతే ఇంకో ప్యాకేజీ జవాబు కాదు, ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించాలి. పిక్క వాచి నొప్పిగా ఉన్నా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా సిట్టింగు పక్కనపెట్టి అదేరోజు వెళ్లాలి. వాచిన పిక్కను మాత్రం మర్దన చేయించకూడదు.

'ప్యాకేజీలో నాలుగు మెషిన్లు' అన్న మాట విన్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. కరెంటు పెట్టడం నొప్పికి కాసేపు ఉపశమనమిస్తుంది కానీ బిగిసిన కీలును వంచదు. లోహపు కీలు ఉన్నచోట షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే వేడి మెషిన్ అసలు పెట్టకూడదు, లోహం వేడెక్కి చుట్టూ కండ కాలే ప్రమాదముంది. ముప్పావు గంటలో అరగంట మెషిన్ కింద పడుకోబెట్టి, ఐదు నిమిషాలు కాలు వంచి పంపితే ఆ సిట్టింగు 300కైనా ఖరీదే. ఇంటికొచ్చే మనిషి పెద్ద మెషిన్లు తేలేడని వెలితి పడనక్కర్లేదు. ఎంతసేపు ఉంటాడు, చేతులతో పని ఎంతసేపు చేస్తాడన్నది అడగాలి.

ఈ లెక్కంతా మోకీలుకే. పక్షవాతం వచ్చిన మనిషికి నెలల తరబడి చేయాల్సి ఉంటుంది కాబట్టి ప్యాకేజీ అక్కడ నిజంగానే కలిసిరావచ్చు. కానీ అక్కడా డబ్బు ఒకేసారి కట్టనక్కర్లేదు, నెలకోసారి కట్టే ఏర్పాటు అడగవచ్చు.

క్లినిక్‌ల కష్టం మాకు తెలియనిది కాదు. అద్దె, మెషిన్ల వాయిదాలు, చెప్పి రాని రోగులు, పల్లెకు వెళ్లొస్తే ఖర్చయ్యే పెట్రోల్, పోయే రెండు గంటలు. అందుకే ధర ఎంత ఉండాలో మేం చెప్పడం లేదు. వాడని సిట్టింగుల డబ్బు ఏమవుతుందో మొదటిరోజే రసీదు మీద రాయమంటున్నాం. పై ఉదాహరణలో పదకొండుకు ఆపితే, వాడినవాటికి విడి ధర కట్టించుకుని 1,600 తిరిగి ఇవ్వడం క్లినిక్‌కూ నష్టం కాదు. ఒక్క రూపాయీ రాదనడం మాత్రం అన్యాయం. ఐదేసి సిట్టింగుల చిన్న ప్యాకేజీలు పెడితే ఈ తగాదాయే ఉండదు.

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనల ప్రకారం సేవల ధరలు స్థానిక భాషలోనూ కనిపించేలా ప్రదర్శించాలి. క్లినిక్‌లను నమోదు చేసే జిల్లా రిజిస్టరింగ్ అథారిటీకి కలెక్టరే అధ్యక్షులు, కన్వీనర్ జిల్లా వైద్యాధికారి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కలెక్టర్లు ఫిజియోథెరపీ క్లినిక్‌లకు ఒక్క ఆదేశమిస్తే చాలు: విడి సిట్టింగు, ప్యాకేజీ, ఇంటికొచ్చే చార్జీ దూరాన్ని బట్టి, ఫాలోఅప్, మధ్యలో ఆపితే తిరిగిచ్చే మొత్తం, ఈ ఐదు వరుసలూ తెలుగులో గోడమీద ఉండాలి. జిల్లా కేంద్రాల సర్కారు దవాఖానల్లో ఫిజియోథెరపీ ఏ రోజు, ఏ వేళ దొరుకుతుందో కూడా అలాగే బయట రాసిపెట్టాలి. బస్సెక్కగలిగిన మనిషికి ఆ సమాచారం తెలిస్తే విడి సిట్టింగు ఖర్చు కూడా తప్పుతుంది. రసీదు ఇవ్వని క్లినిక్‌పై వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు లావాదేవీపై ఫిర్యాదుకు ఫీజు లేదు. ఫీజు లేకపోయినా వాయిదాలకు తిరగాల్సింది ఆ కొడుకే కాబట్టి, పని మొదలుపెట్టాల్సింది కలెక్టరేట్లోనే.