సవరణ: రాగుల కాల్షియం జొన్నల్లో లేదు

“చిరుధాన్యాల్లో ఏది తిన్నా బియ్యం కంటే 50 రెట్లు కాల్షియం” అని గత పోస్టులో రాశాను. అది తప్పు, రాగుల అంకెను అన్నింటికీ అంటగట్టాను.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 7 లేదా 8. జొన్నలు, సజ్జల్లో 27 దాకా మాత్రమే. పీచులో మాత్రం ఈ మూడూ దగ్గరదగ్గరే: 10 నుంచి 11 గ్రాములు, బియ్యంలో 3 లోపు. ఇనుము కోసమైతే రాగుల కంటే సజ్జలే మేలు (సజ్జల్లో 6.4, రాగుల్లో 4.6 మిల్లీగ్రాములు).

ఇవన్నీ పచ్చి గింజల లెక్కలు. సంకటిలో బియ్యం కూడా పడుతుంది కదా. 40 గ్రాముల రాగిపిండి, 40 గ్రాముల బియ్యంతో చేసిన ముద్దలో కాల్షియం దాదాపు 150 మిల్లీగ్రాములు. అదీ మొత్తం ఒంటికి పట్టదు, రాగుల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు కొంత పట్టి ఉంచుతాయి. గింజలు నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి పట్టిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. పిండిని సన్నగా జల్లించి పొట్టు పారేస్తే పీచుతో పాటు కాల్షియం కూడా కొంత పోతుంది.