పన్నెండు టెన్సుల పట్టికను గోడకే ఉండనివ్వండి

హైదరాబాద్ బడులకు ఈ ఏడాది మన సంఘం పంపబోయే సామాను జాబితా మొన్న నా చేతికి వచ్చింది. కంప్యూటర్లు, బెంచీలు, నీళ్ళ ఫిల్టర్లు అయ్యాక చివరి వరుసలో ‘ఇంగ్లీషు టెన్సుల చార్టులు, లామినేషన్ చేసినవి, 60’ అని ఉంది. మిగతా వాటి మీద నాకు పేచీ లేదు. ఆ 60 చార్టుల డబ్బు మాత్రం మిగుల్చుకోమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక్కడికి రాకముందు నేను హైదరాబాద్‌లో 19 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పటికీ ఏటా జులైలో వెళ్ళి మూడు వారాలు మెహిదీపట్నం వైపు ఒక బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెప్పి వస్తాను. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిది వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది కాబట్టి, ఈ పిల్లలు సాంఘిక శాస్త్రం కూడా ఇంగ్లీషులోనే చదువుకుంటున్నారు. ‘రాజు కోట కట్టించాడు, అప్పటికే శత్రువు బయల్దేరాడు’ వంటి వాక్యం కనబడితే ఏది ముందు జరిగిందో వాళ్ళకు క్రియను బట్టే తెలియాలి. అది చార్టు నుంచి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. పన్నెండు గళ్ళూ అప్పజెప్పగల పిల్లవాడు కూడా రెండు వాక్యాల కథ రాయమంటే తడబడతాడు.

పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి చూడండి. ‘మేము స్టేషన్‌కు చేరినప్పుడు రైలు ——’ అని ఖాళీ ఇచ్చి, పక్కన ‘లీవ్’ అనే క్రియ ఇస్తారు. జవాబుల కాగితంలో ‘హ్యాడ్ లెఫ్ట్’ ఉంటుంది. ‘లెఫ్ట్’ అని రాసిన పిల్లకు సున్నా. కానీ ఆ పిల్ల రాసింది తప్పు కాదు. మనం ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే రైలు కదిలిందనుకోండి, ‘లెఫ్ట్’ చక్కగా సరిపోతుంది. మనం చేరేలోపే వెళ్ళిపోయిందనుకుంటే ‘హ్యాడ్ లెఫ్ట్’ కావాలి. ఆ రెండింటిలో ఏది జరిగిందో ఒంటి వాక్యం చెప్పదు, ముందూ వెనుకా కథ ఉంటేనే తెలుస్తుంది. కథ దాచిపెట్టి జవాబు అడిగితే పిల్లలు జవాబుల కాగితాన్ని బట్టీ పడతారు, అంతే.

మన పిల్లలకు ఇది ప్రత్యేకంగా ఎందుకు కష్టమో తెలుగులోనే కనబడుతుంది. ‘నేను చేరేసరికి బస్సు వెళ్ళిపోయింది’ అంటాం. ఇందులో వెళ్ళిపోవడం మామూలు భూతకాలంలోనే ఉంది, దానికి వేరే రూపమేమీ లేదు. ముందు ఏది, వెనుక ఏది అన్న లెక్కంతా ‘చేరేసరికి’లోని ఆ ‘సరికి’ మోస్తోంది. ఇంగ్లీషులో ఆ బరువును క్రియ కూడా పంచుకోవాలి. తెలుగు పిల్ల తన వాక్యాన్ని మాటకు మాట మార్చి ‘వెన్ ఐ రీచ్డ్, ద బస్ లెఫ్ట్’ అని రాస్తే, చదివేవాళ్ళకు బస్సు ఆమె ముక్కు ముందు నుంచి వెళ్ళినట్టు అర్థమవుతుంది. ఆమె ఉద్దేశం అది కాదు.

అందుకే నేను పన్నెండు టెన్సులనూ పక్కన పెట్టి, కథల్లో నిజంగా పనిచేసే మూడే తీసుకుంటాను: సింపుల్ పాస్ట్, పాస్ట్ కంటిన్యువస్, పాస్ట్ పర్‌ఫెక్ట్. రెండు పీరియడ్లు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. మొదటి పీరియడ్‌లో ఈ మూడు పేర్లూ ఎత్తను.

ఏడు వాక్యాల కథ ఒకటి నేనే రాసుకున్నాను. సుమ అనే అమ్మాయి బడి నుంచి బయటికి పరిగెత్తింది, ‘రాన్’. వాన పడుతోంది, ‘వాజ్ రెయినింగ్’. జనం ఫ్లైఓవర్ కింద నిలబడి ఉన్నారు, ‘వర్ స్టాండింగ్’. సుమ స్టాపుకు చేరింది, ‘రీచ్డ్’. బస్సు వెళ్ళిపోయింది, ‘హ్యాడ్ లెఫ్ట్’. గొడుగు కోసం సంచీ తెరిచింది, ‘ఓపెన్డ్’. కానీ దాన్ని పొద్దున్నే చెల్లెలికి ఇచ్చేసింది, ‘హ్యాడ్ గివెన్’. కథ ఇంతే. ఇంకో వాక్యం చేర్చాలని ఎంత అనిపించినా చేర్చకూడదు. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్క చూపులో పట్టుకోగలిగినంతే ఉండాలి.

రెండుసార్లు చదివి వినిపిస్తాను. తరువాత ఏడుగురు చొప్పున ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక కవరు ఇస్తాను. అందులో ఏడు వాక్యాలూ పాత క్యాలెండరు అట్టల మీద రాసిన చీటీలుగా రెండేసి సెట్లు ఉంటాయి. నేల మీద పై వరుసలో కథ చెప్పిన క్రమంలో పేర్చాలి, కింది వరుసలో గడియారం ప్రకారం పేర్చాలి. ఒక చిన్న కిటుకు ఉంది. వాన చీటీ, జనం చీటీ మిగతా వాటికన్నా మూడింతలు పొడుగ్గా కత్తిరించాలి. పిల్లలు ముందు వాటిని కూడా ఒకే చోట ఇరికించాలని చూస్తారు. ‘వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది?’ అని అడిగితే కథలో అది లేదని వాళ్ళే చెబుతారు. అప్పుడు ఆ పొడుగు చీటీలు మిగతా చీటీల కింద చాపలా పరుచుకుంటాయి. ‘వాజ్ … ఇంగ్’ చేసే పని అదే, దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

ఆ రెండు పొడుగు చీటీలను వదిలేస్తే, రెండు వరుసల్లో తమ చోటు వదిలి దూకేవి రెండే. గొడుగు చీటీ పై వరుసలో చివర ఉంటుంది, కింది వరుసలో మొదటికి వస్తుంది. బస్సు చీటీ సుమ స్టాపుకు చేరడానికి ముందుకు జరుగుతుంది. సుమ పరిగెత్తకముందే బస్సు వెళ్ళిందా, పరిగెత్తుతుండగా వెళ్ళిందా అని ప్రతి ఏడూ ఒక గుంపు పోట్లాడుకుంటుంది. కథ చెప్పలేదు కాబట్టి రెండూ ఒప్పే, చేరడానికి ముందు పెడితే చాలు. ఇక దూకిన చీటీల్లో క్రియల కింద గీత గీయమంటాను. రెండింటిలోనూ ‘హ్యాడ్’ ఉంటుంది, మిగతా వాటిలో ఎక్కడా ఉండదు. ఇక్కడ నేను నోరు మూసుకుని నిలబడాలి. పందొమ్మిదేళ్ళ అలవాటు కదా, నాకు అదే అన్నిటికన్నా కష్టం.

రెండో పీరియడ్‌లో అదే కథను పొద్దుటి నుంచి చెప్పమంటాను. సుమ పొద్దున గొడుగు చెల్లెలికి ఇచ్చింది, సాయంత్రం బస్సు బయల్దేరింది, తరువాత సుమ స్టాపుకు చేరింది. ‘గేవ్, లెఫ్ట్, రీచ్డ్’. ‘హ్యాడ్’ మాయమైంది. గొడుగు అదే, చెల్లెలు అదే, రోజు అదే, క్రియ మాత్రం మారింది. పాఠం మొత్తంలో నాకు విలువైన క్షణం ఇదే. ఎందుకంటే చాలా బడుల్లో పాస్ట్ పర్‌ఫెక్ట్‌ను ‘చాలా కాలం కిందట జరిగినది’ అని చెప్పేస్తారు. అలా నేర్చుకున్న అబ్బాయి ఒకడు కిందటేడు చార్మినార్ గురించి రాస్తూ, 1591 అంటే చాలా పాత సంగతి కదా అని, కులీ కుతుబ్ షా దాన్ని ‘హ్యాడ్ బిల్ట్’ అని రాశాడు. అక్కడ ‘బిల్ట్’ చాలు. నాలుగు వందల ఏళ్ళ కిందటిదైనా కథ ముందుకే నడుస్తుంటే ‘హ్యాడ్’ రాదు. అయిదు నిమిషాల కిందటిదైనా కథ వెనక్కి తిరిగి చూస్తే వస్తుంది.

హైదరాబాద్ తరగతి గదిలో మరో తమాషా ఉంది. ఒకే బెంచీ మీద ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, ఉర్దూ మాట్లాడే పిల్ల కూర్చుంటారు. ఉర్దూలో ‘బస్ నికల్ చుకీ థీ’ అనే రూపం సిద్ధంగా ఉంది కాబట్టి ఆ పిల్లకు బస్సు చీటీ చిటికెలో అర్థమవుతుంది. కానీ ‘మైఁ కల్ బాజార్ గయా థా’ అనడం కూడా ఆ ఇంటి అలవాటే. అందుకని నిన్న బజారుకు వెళ్ళిన మామూలు ముచ్చటకు కూడా ‘హ్యాడ్ గాన్’ అని రాసేస్తుంది. తెలుగు పిల్ల ‘హ్యాడ్’ మింగేస్తే, ఉర్దూ పిల్ల దాన్ని ధారాళంగా వడ్డిస్తుంది. చార్టు ఇద్దరికీ ఒకే మందు ఇస్తుంది. చీటీలు పేర్చమంటే మాత్రం ఎవరి తప్పు వాళ్ళకు కనబడుతుంది, ఎందుకంటే రెండో పిల్ల రాసిన బజారు చీటీ ఎక్కడికీ దూకదు.

తెలుగు పిల్లలకు ఒక ఇంటి పరీక్ష కూడా నేర్పుతాను. ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని, ముందు ‘అప్పటికే’ పెట్టి చూడమంటాను. ‘అప్పటికే బస్సు వెళ్ళిపోయింది’ అతుకుతుంది. ‘అప్పటికే సంచీ తెరిచింది’ ఈ కథలో అతకదు. అయితే ఇది అయిపోయిన పనులకే పనికొస్తుంది. ‘అప్పటికే వాన పడుతోంది కదా మేడమ్, మరి హ్యాడ్ ఏది?’ అని ఒక అమ్మాయి నన్ను నిలదీసింది. సాగుతున్న పనికి ఈ పరీక్ష పెట్టకూడదని అప్పటి నుంచి ముందే చెబుతున్నాను. ‘బిఫోర్’, ‘ఆఫ్టర్’ ఉన్న వాక్యాల్లో వరుసను ఆ మాటలే చెప్పేస్తాయి కాబట్టి ఇంగ్లీషువాళ్ళే తరచు ‘హ్యాడ్’ వదిలేస్తారు. అలాంటి చోట నేను మార్కులు తీయను.

కథ చేయలేని పని ఒకటుంది. ‘హ్యాడ్ వెంట్’, ‘హ్యాడ్ గేవ్’ అని రాసే పిల్లకు వరుస అర్థమైనట్టే, మూడో రూపం మాత్రం రాలేదు. ‘గో, వెంట్, గాన్’ నోటికి రావలసిందే, దానికి దగ్గరి దారి లేదు. సంఘం తప్పక చార్టే పంపాలనుకుంటే ఆ క్రియల చార్టు పంపండి, 60 అక్కర్లేదు, గదికి ఒకటి చాలు.

నేర్చుకున్నారో లేదో ఖాళీలు పూరించమని చూడను. ‘నేను తలుపు తీశాను’ అనే వాక్యం ఇచ్చి దాని తరువాత మూడు వాక్యాలు రాయమంటాను. ఈ జులైలో చివరి బెంచీ అబ్బాయి ఒకడు ఇలా రాశాడు: తలుపు తీశాను. నానమ్మ కుర్చీలో నిద్రపోతోంది, ‘వాజ్ స్లీపింగ్’. చాయ్ చల్లారిపోయింది, ‘హ్యాడ్ గాన్ కోల్డ్’. నానమ్మను లేపాను, ‘వోక్’.

చాయ్‌కి ‘హ్యాడ్’ ఎందుకు పెట్టావని అడిగాను.

‘నేను రాకముందే చల్లారింది మేడమ్.’

‘నానమ్మ కూడా నువ్వు రాకముందే నిద్రపోయింది కదా, ఆమెకెందుకు పెట్టలేదు?’

వాడు కాగితం వైపు ఒకసారి చూసుకున్నాడు. ‘చాయ్ పని అయిపోయింది మేడమ్. నానమ్మ నిద్ర ఇంకా అవలేదు.’