కామా కనబడితే చాలు, వేలేనా?

ఇన్వాయిస్‌లలోని అంకెలు చూసి సిస్టమ్‌లో ఎక్కించే డేటా ఎంట్రీ పని నాది. ఈరోజు షిఫ్టు అయిపోయే ముందు నా మీద ఒక ఎర్రర్ వేశారు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. జర్మనీ సప్లయర్ ఇన్వాయిస్ అది. సరుకు పరిమాణం రాసే Menge గడిలో 1,500 kg అని ఉంది. ఒకటిన్నర కేజీ కాబట్టి 1.5 అని ఎక్కించాను. మేం ఎక్కించింది సరిచూసే క్యూసీ వాళ్ళు దాన్ని 1500 చేసి, పక్కన "కీయింగ్ ఎర్రర్" అని రాసి పంపించారు. అడిగితే, "కామా తర్వాత మూడు అంకెలున్నాయి కదా, అది వెయ్యే" అన్నారు. అంతే, ఇక మాట లేదు.

అదే వరుసలో పక్క గడి చూడరా? కేజీ ధర 248,00. మొత్తం 372,00. ఒకటిన్నరని 248తో గుణిస్తే 372 వస్తుంది, సరిగ్గా సరిపోయింది. వాళ్ళు చెప్పినట్టు 1500 కేజీలైతే మూడు లక్షల డెబ్బై రెండు వేల యూరోలు కావాలి. పైగా 372,00లో కామా తర్వాత ఉన్నవి రెండే అంకెలు. వేల కామా తర్వాత రెండు అంకెలు ఎక్కడైనా చూశామా? మన లక్షల లెక్కలో కూడా 1,24,000 అని రాస్తాం, చివర మూడంకెలు ఉండి తీరాలి.

అంతటితో అయిపోలేదు. రెండో వరుసలో 4,000 కేజీలు, ధర 310,00, మొత్తం 1.240,00. కింద కూడిక 1.612,00. దాని మీద 19 శాతం MwSt., అంటే వాళ్ళ వ్యాట్, 306,28. చివరికి 1.918,28. ఈ 1.918,28ని ఒక్కసారి కళ్ళు పెట్టి చూడండి. ఒకే అంకెలో చుక్కా ఉంది, కామా ఉంది. రెండూ ఉన్నప్పుడు చివర వచ్చేదే దశాంశం. అంటే ఈ కాగితంలో చుక్క వేలకు, కామా పైసలకు అని కాగితమే చెబుతోంది. ఇక పైన 1,500కి వేరే అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? కేజీల్లో తూచే సరుకుకి గ్రాముల దాకా మూడు దశాంశాలు వేసి ప్రింట్ చేయడం అక్కడి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో మామూలే.

పోనీ జర్మన్ భాష కనబడితే కామాయే దశాంశం అని ఇంకో రూలు రాసి అంటిస్తారేమో, అదీ పనికిరాదు. స్విట్జర్లాండ్ వాళ్ళ ఇన్వాయిస్ జర్మన్‌లోనే వస్తుంది, అందులో 1'240.00 అని ఉంటుంది. ఐర్లాండ్ వాళ్ళవి యూరోలే, అయినా పాయింటే దశాంశం. భాషను బట్టి, కరెన్సీని బట్టి తేల్చేది కాదు ఇది. ఆ కాగితం మీద గుణకారం, కూడిక, పన్ను చూసి తేల్చాలి. ఒకే వరుస ఉండి, 1.250 అని మాత్రమే ఉండి, సరిచూసుకోవడానికి మొత్తం గానీ పన్ను గానీ లేకపోతే అప్పుడు క్వెరీ పెట్టాలి. ఊహించి ఎక్కించకూడదు.

ఇంతకన్నా బాధ కలిగించింది ఇంకోటి ఉంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్ల కువైట్ ఇన్వాయిస్ మీద 12.750 దినార్లని ఉన్నది ఉన్నట్టే కొట్టింది. చుక్క తర్వాత మూడు అంకెలున్నాయి, యూరప్ లెక్కలో అది వేలు అని దాన్ని 12750 చేయించారు. దినార్‌కి వెయ్యి ఫిల్స్. అందుకే అక్కడ మూడు దశాంశాలు. బహ్రెయిన్, ఒమన్‌లలో కూడా మూడు దశాంశాలే. గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇల్లు లేని బస్తీ ఉందా హైదరాబాద్‌లో? ఆ పిల్ల వాళ్ళ నాన్న కూడా అక్కడే పనిచేస్తాడు. "మా నాన్నను అడగండి సార్" అని చెప్పినా వినలేదు. ఆ నెల ఆమె ఇన్సెంటివ్ పోయింది.

అసలు మాకిచ్చే ఇమేజ్‌ల సంగతి ఎవరూ ఎత్తరు. సప్లయర్ మెయిల్‌లో పంపేది శుభ్రమైన పీడీఎఫ్. దాన్ని మధ్యలో నలుపు తెలుపు టిఫ్‌గా మార్చి, సైజు తగ్గించి మాకు పడేస్తారు. కామాకున్న తోక అక్కడే ఎగిరిపోతుంది, చుక్క మిగులుతుంది. కొన్నిసార్లు స్కాన్ మరక కూడా అంకెల మధ్య చుక్కలాగే కూర్చుంటుంది. జూమ్ చేస్తే కనబడేది నాలుగు నల్ల గళ్ళు. అది కామానా, చుక్కనా, దుమ్మా అని మేమే తేల్చుకోవాలి, అదీ టైమర్ పరిగెడుతుండగా. పీడీఎఫ్ ఇవ్వండని అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. సర్వర్‌లో చోటు లేదంటారు. తప్పు జరిగితే మాత్రం ఎర్రర్ మా పేరు మీదే. సర్వర్ పేరు మీద ఎప్పుడైనా వేశారా?