షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్ల టీకాలపై ప్రచారం: ఒక ఖండన

ప్రచారంలో ఉన్న సందేశం ఇది: "షుగరు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లకు ఫ్లూ టీకా వేయిస్తే ఫ్లూ తగులుకుంటుంది, గుండె మీద భారం పడుతుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లకు సూది పనికిరాదు. న్యుమోనియా టీకా ఒకసారి వేయించి ఉంటే ఇంకేదీ అక్కర్లేదు. అందరికీ పంపండి."

మొదటి మాట. భుజం కండరంలోకి ఇచ్చే ఫ్లూ టీకాలో సజీవ వైరస్ ఉండదు కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. ఆ రోజుల్లో షుగరు కొంత పెరిగే వీలుంది గనుక గ్లూకోమీటరుతో మరికొన్నిసార్లు చూసుకోవాలే తప్ప ఇన్సులిన్ మానకూడదు. రక్షణ ఏర్పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆలోగా బయట నుంచి సోకిన జబ్బును టీకా ఖాతాలో వేయడం వల్లే ఈ అపోహ బలపడింది.

గుండె విషయంలో సందేశం చెప్పింది నిజానికి పూర్తిగా తలకిందులు, నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది కూడా అదే. ఫ్లూ సోకినప్పుడు శరీరమంతటా రేగే వాపు వల్ల రక్తనాళాల్లోని కొవ్వు పొర చిట్లి, గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. కెనడాలోని ఒంటారియో రోగుల వివరాలతో 2018లో వెలువడిన అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో గుండెపోటు ముప్పు మిగతా రోజులకన్నా సుమారు 6 రెట్లు ఎక్కువగా కనిపించింది. 2021లో ప్రచురితమైన మరో పరీక్షలో, ఎక్కువగా గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారిలో కొందరికి ఫ్లూ టీకా, కొందరికి ఉప్పునీటి సూది ఇచ్చి చూస్తే, ఏడాదిలో మరణించినవారు టీకా వర్గంలో 2.9 శాతం, రెండో వర్గంలో 4.9 శాతం. టీకా ప్రతి ఫ్లూనూ ఆపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా గుండె జబ్బు ఉన్నవారికే దాని అవసరం ఎక్కువ.

రక్తం పలచబరిచే మాత్రల్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నా టీకా వేయించవచ్చు, వాటిని ఆపనక్కర్లేదు. అలాంటిదే అయిన వార్ఫరిన్ వాడేవారు ఆ సంగతి నర్సుకు ముందే చెబితే సన్న సూది వాడి, పొడిచిన చోట రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు దూదితో గట్టిగా అదిమి పడతారు. టీకాను నిజంగా మానవలసింది గతంలో అదే టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు. జ్వరం తీవ్రంగా ఉంటే తగ్గేదాకా వాయిదా వేస్తారు.

చివరి మాటలో రెండు వేర్వేరు క్రిములు కలిసిపోయాయి. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది గనుక ఆ టీకా ఏటా వేయించాలి. న్యుమోనియా టీకా పనిచేసేది న్యుమోకోకస్ అనే బాక్టీరియా మీద, దాని టీకాల్లో ఒకటికి మించి రకాలున్నాయి. స్టెంటు వేయించుకుని, ఇన్సులిన్ మీద ఉన్న 72 ఏళ్ల తండ్రికి మూడేళ్ల క్రితం ఆ టీకాల్లో పీపీఎస్వీ23 అనేది మాత్రమే ఇచ్చారనుకుందాం. అది ఆ బాక్టీరియాలో 23 రకాలను తాకినా, దాని రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఏడాది దాటింది కాబట్టి ఆయనకు ఇప్పుడు పీసీవీ20 అనే మరో రకం న్యుమోకోకస్ టీకా ఒక డోసు ఇవ్వవచ్చు. అదే రోజు రెండో భుజానికి ఫ్లూ టీకా కూడా వేయించవచ్చు. పీసీవీ20తో ఆయన న్యుమోకోకస్ టీకాలు పూర్తయినట్టే. పాత టీకా పేరు, తేదీ ఉన్న కాగితాన్ని డాక్టరుకు చూపిస్తేనే ఈ లెక్క తేలుతుంది.