ఫిర్యాదు పోస్టులో ఏది తీసేయాలి, ఏది ఉంచాలి

సేవ సరిగా అందక ఒళ్లు మండినప్పుడు రాసే ఫిర్యాదులో జరిగిన విషయమూ, అది ఎందుకు జరిగిందో మనం చేసుకున్న ఊహా కలగలిసిపోతాయి. వినియోగదారుడి బలమంతా జరిగిన విషయంలోనే ఉన్నా, పోస్టులో ఎక్కువ చోటు ఊహకే దక్కుతుంది. అందుకే సోషల్ మీడియాలో పెట్టే ముందు ఆ పోస్టును మెత్తబరచడానికి కూర్చున్నవారు ముందుగా వెతకవలసింది పరుషపదాలను కాదు, రుజువు చేయలేని వాక్యాలను.

వాషింగ్ మెషిన్ మరమ్మతు కోసం డబ్బు ముందే కట్టిన ఒక వినియోగదారు ఇలా రాశారనుకుందాం: "పచ్చి మోసగాళ్లు! డబ్బులు గుంజుకుని ఫోన్ ఎత్తరు. వచ్చినవాడికి పనే రాదు. వీళ్ల దగ్గర ఎవరూ ఏమీ కొనకండి." ఇందులో కోపం న్యాయమైనదే. అయితే "మోసం" అన్న మాట ఎదుటివారి ఉద్దేశాన్ని నిర్ణయిస్తుంది. మరమ్మతు చేయాలన్న ఆలోచనే లేకుండా డబ్బు తీసుకోవడం వేరు, పని చేతగాక ఆలస్యం చేయడం వేరు. ఆ తేడాను బయటినుంచి తేల్చడం కష్టం. పైగా ఆ ఒక్క మాటను పట్టుకుని సంస్థ "మాపై నిరాధార ఆరోపణలు చేస్తున్నారు" అని జవాబిస్తే, చర్చ అంతటితో మరమ్మతును వదిలి మాటతీరు మీదకు మళ్లుతుంది. పరువు నష్టం కింద నోటీసు పంపేవారు కూడా సాధారణంగా ఇలాంటి మాటలనే వెతుకుతారు.

అదే ఫిర్యాదును ఇలా రాయవచ్చు: "3వ తేదీన మరమ్మతు రుసుము పూర్తిగా చెల్లించాను. 5న, 8న టెక్నీషియన్ వస్తారని సందేశం పంపారు. రెండు రోజులూ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను, ఎవరూ రాలేదు. 11న వచ్చిన టెక్నీషియన్, మోటారు మార్చాలని, అది తన దగ్గర లేదని చెప్పి వెళ్లారు. ఆ తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేస్తే, ఫిర్యాదు నమోదైందన్న జవాబే వచ్చింది. 20వ తేదీలోగా మరమ్మతు పూర్తి చేయాలి, లేదా రుసుము వాపసు ఇవ్వాలి."

తిట్టు ఒక్కటీ లేకపోయినా ఇది మొదటిదానికంటే గట్టిగా తగులుతుందని నా అభిప్రాయం. రెండు రోజులు సెలవు పెట్టానన్న వాక్యమే కోపానికి కారణాన్ని చూపిస్తుంది కనుక, కోపం వచ్చిందని వేరే చెప్పనవసరం లేదు. "ఫోన్ ఎత్తరు" అన్న మాట కూడా సరిదిద్దబడింది, ఎందుకంటే వారు ఎత్తారు, పని జరిగే జవాబు మాత్రం ఇవ్వలేదు. ఇంత చిన్న అతిశయోక్తి ఉన్నా, కాల్ రికార్డు చూపించి మిగతా ఫిర్యాదంతా అబద్ధమని కొట్టిపారేసే అవకాశం ఉంటుంది.

టెక్నీషియన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. విడిభాగం ఇవ్వకుండా అతన్ని పంపింది సంస్థ. అతని పేరు, ఫొటో పెడితే సంస్థ బాధ్యత మరుగున పడి, తన చేతిలో లేని లోపానికి ఒక ఉద్యోగి నలుగురిలో నిందపడతాడు. అతను స్వయంగా దురుసుగా ప్రవర్తించి ఉంటే ఆ ప్రవర్తనను వర్ణించవచ్చు, పేరును సంస్థకు విడిగా పంపవచ్చు. స్క్రీన్‌షాట్లలో అతని నంబరుతో పాటు మన చిరునామా, ఆర్డర్ నంబరు కూడా కనబడకుండా చేయాలి. ఆర్డర్ నంబరు దొరికితే సహాయ సిబ్బందినంటూ ఫోన్ చేసి ఖాతా వివరాలు అడిగే మోసగాళ్లకు పని సులువవుతుంది.

ఇతరులు పోస్టును పంచుకోవడం కూడా అందులో ఉన్నది జరిగిన విషయమా, తీర్పా అన్నదానిమీదే ఆధారపడుతుంది. పంచుకునేవారు తమ పేరుతో దానికి పూచీ పడుతున్నారు కాబట్టి, సంస్థ గురించి ఏమీ తెలియని మిత్రుడు "మోసగాళ్లు" అన్న తీర్పును మోయడానికి జంకుతాడు. తేదీలున్న అనుభవాన్ని పంచుకోవడానికి అతనికి అభ్యంతరం ఉండదు. "ఎవరూ కొనకండి" అన్న పిలుపు కూడా అవసరం లేదు. చదివినవారు ఆ నిర్ణయం తామే తీసుకోగలరు.

మెత్తబరచడం హద్దు దాటినా నష్టమే. "కొంత అసౌకర్యం కలిగింది, వీలైతే పరిశీలించగలరు" అని రాస్తే అందులో ఏమి జరిగిందో ఉండదు, ఏమి కావాలో ఉండదు. సంస్థ ఒక క్షమాపణ సందేశం పంపి ఊరుకుంటుంది. గడువు, కోరిక ఈ రెండింటినీ మర్యాద పేరుతో కుదించకూడదు.

సమస్య తీరాక కొందరు పోస్టును తొలగిస్తారు. దానికంటే దాని కిందే "18న మోటారు మార్చారు, ఇప్పుడు పనిచేస్తోంది" అని చేర్చడం ఉభయులకూ న్యాయం. పోస్టు తీసేస్తేనే డబ్బు వాపసు ఇస్తామని సంస్థ షరతు పెడితే, కట్టిన డబ్బు తిరిగి పొందడం పోస్టుతో ముడిపడిన విషయం కాదని రాతపూర్వకంగానే జవాబివ్వాలి, ఆ సంభాషణను భద్రపరచుకోవాలి.